అమెరికా పౌరసత్వ పరీక్ష: తేదీ ఎలా వస్తుంది, గదిలో ఏం జరుగుతుంది, తప్పితే మళ్లీ ఎలా హాజరు కావాలి

అమెరికాలో గ్రీన్ కార్డుతో ఉంటున్నవారు పౌరసత్వానికి ఎన్-400 అనే దరఖాస్తు పెట్టుకుంటారు. దాని మీద జరిగే ఇంటర్వ్యూలోనే ఇంగ్లీషు పరీక్ష, దేశ చరిత్ర, ప్రభుత్వ విధానాల మీద సివిక్స్ పరీక్ష రెండూ ఉంటాయి. ఈ పరీక్షకు ఎలా చదవాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. మొదటిసారి తప్పితే ఆ తర్వాత ఏ రోజున ఏం జరుగుతుందో, ఏ గడువు దాటితే దరఖాస్తు చేజారిపోతుందో వివరంగా చెప్పేవారు తక్కువ. పిల్లల దగ్గరకు వచ్చి స్థిరపడిన పెద్దవారికి ఈ సంగతులు ముందే తెలియడం చాలా అవసరం. అందుకే ఈ మార్గదర్శిలో రెండో అవకాశానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి మెట్టు: మీకు వర్తించే పరీక్ష ఏదో తేల్చుకోవడం

ప్రస్తుతం రెండు సివిక్స్ పరీక్షలు పక్కపక్కనే అమల్లో ఉన్నాయి. వీటిలో మీకు ఏది వర్తిస్తుందో నిర్ణయించేది ఎన్-400 దాఖలు చేసిన తేదీయే తప్ప ఇంటర్వ్యూ తేదీ కాదు. 2025 అక్టోబర్ 20కి ముందు దాఖలు చేసినవారికి 2008 నాటి పరీక్ష ఉంటుంది. అందులో 100 ప్రశ్నల జాబితా నుంచి అధికారి పది వరకు అడుగుతారు, ఆరింటికి సరైన జవాబు చెబితే చాలు. ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ దాఖలు చేసినవారికి 2025 పరీక్ష ఉంటుంది. దీని జాబితాలో 128 ప్రశ్నలు ఉంటాయి, అధికారి ఇరవై వరకు అడగవచ్చు, పన్నెండు సరిగ్గా చెప్పాలి. పన్నెండు సరైన జవాబులు పూర్తయినా, తొమ్మిది తప్పులు పూర్తయినా అధికారి అక్కడితో ప్రశ్నలు ఆపేస్తారు. కాబట్టి ఇరవై ప్రశ్నలూ అడగకుండానే పరీక్ష ముగిసిందంటే అది మంచికి కావచ్చు, చెడుకు కూడా కావచ్చు.

వయసును బట్టి ఇచ్చే సడలింపుల విషయంలో మనవాళ్లలో ఒక అపోహ బలంగా ఉంది. అరవై అయిదేళ్లు దాటితే తేలిక పరీక్ష ఉంటుందని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ సడలింపుకు రెండు షరతులు ఉన్నాయి. దరఖాస్తు పెట్టేనాటికి 65 ఏళ్లు నిండి ఉండాలి, దానితోపాటు గ్రీన్ కార్డు వచ్చి కనీసం 20 ఏళ్లు అయి ఉండాలి. ఆ రెండూ ఉన్నవారికి ప్రత్యేకంగా ఎంపిక చేసిన ఇరవై ప్రశ్నల నుంచే పది వరకు అడుగుతారు, ఆరు సరిగ్గా చెబితే చాలు, తెలుగులోనే చెప్పవచ్చు. ఇంగ్లీషు పరీక్ష నుంచి మినహాయింపు మరో రెండు వర్గాలకు కూడా ఉంది. 50 ఏళ్లు నిండి, 20 ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవారు ఒక వర్గం. 55 ఏళ్లు నిండి, 15 ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవారు మరో వర్గం. వీరు కూడా సివిక్స్ జవాబులను తమ భాషలో చెప్పవచ్చు, అయితే పూర్తి పరీక్షకే హాజరు కావాలి. పిల్లల ద్వారా గ్రీన్ కార్డు పొంది అయిదారేళ్లకే దరఖాస్తు పెట్టే తల్లిదండ్రులకు వయసు ఎంత ఉన్నా ఈ సడలింపుల్లో ఏదీ వర్తించదు. ఈ సంగతి ఇంటర్వ్యూ గదిలో తెలిసి అవాక్కవడం కంటే దరఖాస్తుకు ముందే తెలుసుకోవడం మేలు.

శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల నేర్చుకోలేని స్థితిలో ఉన్నవారికి ఎన్-648 అనే వైద్య ధ్రువీకరణ ఉంటుంది. దాన్ని అర్హత ఉన్న వైద్యుడు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ పరీక్షించి నింపాలి. ముసలితనం వల్ల మతిమరుపు వచ్చిందని మాత్రమే రాస్తే చాలదు. ఫలానా జబ్బు ఉందని, ఆ జబ్బు ఇంగ్లీషును గానీ సివిక్స్‌ను గానీ నేర్చుకోవడానికి ఎలా అడ్డుపడుతోందో అందులో వివరించాలి. దాన్ని ఎన్-400తోపాటే పంపడం మంచిది, ఎందుకంటే పరీక్ష తప్పిన తర్వాత తెచ్చిన ధ్రువీకరణను అధికారులు మరింత నిశితంగా చూస్తారు.

రెండో మెట్టు: తేదీ వచ్చే తీరు

పరీక్ష తేదీని దరఖాస్తుదారు ఎంచుకోలేరు. దరఖాస్తు అందినట్టు రసీదు నోటీసు వచ్చాక వేలిముద్రల ప్రక్రియ జరుగుతుంది, ఆ తర్వాత మీ నివాస చిరునామా ఏ ఫీల్డ్ ఆఫీసు పరిధిలోకి వస్తుందో ఆ ఆఫీసే ఇంటర్వ్యూ తేదీని, సమయాన్ని నిర్ణయించి నోటీసు పంపుతుంది. పౌరసత్వ, వలస సేవల సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్‌లో ఆన్‌లైన్ ఖాతా ఉన్నవారికి ఆ నోటీసు ఖాతాలో కూడా కనిపిస్తుంది. ఎంత కాలం పడుతుందన్నది ఆఫీసును బట్టి మారుతుంది కాబట్టి, అదే నెలలో దరఖాస్తు పెట్టిన వేరే రాష్ట్రపు బంధువుకు పిలుపు వచ్చిందని కంగారు పడాల్సిన పని లేదు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సినది చిరునామా. ఇల్లు మారినవారు పది రోజుల్లోగా యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలన్నది చట్టం. ఒక కొడుకు ఇంటి నుంచి మరో బిడ్డ ఇంటికి మారుతూ ఉండే పెద్దవారి విషయంలో ఈ నియమం తరచుగా మరుగున పడుతుంది. దాని ఫలితంగా నోటీసు పాత ఇంటికి వెళ్తుంది. తపాలా శాఖలో చిరునామా మార్పు నమోదు చేయించినంత మాత్రాన యూఎస్‌సీఐఎస్ రికార్డులో అది మారదు. రెండు చోట్లా విడివిడిగా మార్చుకోవాలి.

మొదటి ఇంటర్వ్యూకు హాజరు కాలేకపోతే, నోటీసులో చెప్పిన పద్ధతిలో ముందుగానే తేదీ మార్చమని కారణంతో సహా కోరాలి. ఏమీ చెప్పకుండా మానేసి, ఆ తేదీ నుంచి 30 రోజుల్లో కూడా సంజాయిషీ ఇవ్వకపోతే దరఖాస్తును పాలనాపరంగా మూసివేయవచ్చు. అలా మూసిన తేదీ నుంచి ఏడాది లోపు లిఖితపూర్వకంగా అడిగితే, మళ్లీ ఫీజు కట్టకుండానే దాన్ని తెరిపించుకోవచ్చు. ఏడాది దాటితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కిస్తారు. మొదటి ఇంటర్వ్యూకు ఉన్న ఈ వెసులుబాటు రెండోదానికి లేదు. ఆ తేడాను కింద వివరిస్తాను.

మూడో మెట్టు: గదిలో జరిగేది

అధికారి ముందుగా నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు, గుర్తింపు పత్రాలు చూస్తారు. ఆపై ఎన్-400లో రాసిన వివరాల మీద ప్రశ్నలు, ఇంగ్లీషు పరీక్ష, సివిక్స్ పరీక్ష జరుగుతాయి. వీటి వరుస అధికారిని బట్టి మారవచ్చు.

ఇంగ్లీషులో మాట్లాడే సామర్థ్యానికి విడిగా ప్రశ్నపత్రం ఏదీ లేదు. దరఖాస్తు మీద అడిగే మామూలు ప్రశ్నలకు మీరు ఇచ్చే జవాబులనే దానికి కొలమానంగా తీసుకుంటారు. అర్థం కాకపోతే మళ్లీ అడగమని గానీ, వేరే మాటల్లో చెప్పమని గానీ కోరవచ్చు. అధికారి అలా తిరిగి అడగాలని, మాట మార్చి అడగాలని వారి నియమావళిలోనే ఉంది. దరఖాస్తులోని ప్రతి మాటకూ అర్థం తెలిసి ఉండాలన్న నియమం కూడా లేదు. అయితే అర్థం కాని ప్రశ్నకు తల ఊపి 'ఎస్' అనడం ప్రమాదకరం. అక్కడ పోయేది పరీక్ష మార్కు మాత్రమే కాదు, ప్రమాణం చేసి చెప్పిన సమాధానంగా అది రికార్డుకు ఎక్కుతుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఎప్పుడైనా ఓటు వేశారా వంటి ప్రశ్నల దగ్గర ఇది మరీ ముఖ్యం.

చదవడానికి గరిష్ఠంగా మూడు వాక్యాలు ఇస్తారు, ఒకటి సరిగ్గా చదివితే చాలు. రాయడానికి కూడా అంతే. అధికారి చెప్పిన వాక్యాన్ని వినిపించినట్టే రాయాలి, మూడింటిలో ఒకటి సరిపోతుంది. సాధారణంగా ఈ రెండూ టాబ్లెట్ తెర మీద జరుగుతాయి కాబట్టి, కాగితం మీద మాత్రమే అలవాటు ఉన్నవారు తెర మీద పుల్లలాంటి పెన్నుతో రాయడం ముందే సాధన చేయడం మంచిది. ఉచ్చారణలో యాస ఉన్నా ఫర్వాలేదు. రాతలో చిన్న అక్షర దోషాలు ఉన్నా అర్థం చెడకపోతే అంగీకరిస్తారు. అయితే చెప్పిన మాటకు బదులు దాని పొట్టి రూపం రాస్తే ఒప్పుకోరు, వేరే వాక్యం రాసినా, ఒకటి రెండు మాటలతో ఆపేసినా ఆ వాక్యం పోయినట్టే. చదవడంలో ముఖ్యమైన మాటను వదిలేయడం గానీ, దాని బదులు మరో మాట చదవడం గానీ తప్పుగా లెక్కకు వస్తుంది. ఈ వాక్యాల్లో వచ్చే మాటల జాబితాలను యూఎస్‌సీఐఎస్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది.

సివిక్స్ పరీక్ష పూర్తిగా మౌఖికం. అధికారి ప్రశ్న అడుగుతారు, మీరు నోటితో జవాబు చెప్పాలి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పద్ధతి ఇక్కడ లేదు. సాధన కోసం ఫోన్లలో వాడే ఆప్‌లు చాలావరకు ఆ ఎంచుకునే పద్ధతిలోనే ఉంటాయి. ఇంట్లో నూటికి నూరు వచ్చినవారు గదిలో తడబడటానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. కళ్లెదుట ఉన్న జవాబును గుర్తుపట్టడం వేరు, ఏ ఆధారమూ లేకుండా నోటికి తెచ్చుకోవడం వేరు. 2025 జాబితాలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో కొన్ని ప్రశ్నలు కారణాన్ని అడుగుతాయి. ప్రతినిధుల సభ సభ్యుల పదవీకాలం సెనేటర్ల పదవీకాలం కంటే ఎందుకు తక్కువ అన్నది అటువంటి ప్రశ్న. ప్రజాభిప్రాయాన్ని మరింత దగ్గరగా అనుసరించడానికి అని ఒక చిన్న వాక్యం ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తుంది. ఒకటికి మించి జవాబులు అడిగే ప్రశ్నలు కూడా ఉన్నాయి. అమెరికాలో నివసించే అందరికీ ఉన్న హక్కుల్లో మూడు చెప్పమంటే రెండు చెప్పి ఆగిపోవడం సరైన జవాబు కాదు.

కొన్ని జవాబులు కాలంతో మారతాయి. అధ్యక్షుడు, ప్రతినిధుల సభ స్పీకర్, మీ రాష్ట్ర గవర్నర్, మీ సెనేటర్లు ఎవరన్న ప్రశ్నలకు ఇంటర్వ్యూ రోజున ఆ పదవిలో ఎవరున్నారో వారి పేరే చెప్పాలి. పాత పుస్తకంలో అచ్చయిన పేరు చెబితే అది తప్పే. ఇటువంటి మార్పులు uscis.gov/citizenship/testupdates అన్న పేజీలో ఉంటాయి. ఇంటర్వ్యూకు ముందు వారంలో దాన్ని ఒకసారి చూసుకోవాలి.

తమ భాషలో జవాబు చెప్పే అర్హత ఉన్నవారు దుబాసీని తామే వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆ దుబాసీ, దరఖాస్తుదారు ఇద్దరూ జి-1256 అనే పత్రం మీద అధికారి ఎదుట సంతకం చేస్తారు. దుబాసీ పని మాటను మాటగా అటూ ఇటూ చేరవేయడమే. అమ్మకు జవాబు గుర్తు చేయబోయిన కూతురిని అధికారి తప్పించవచ్చు.

నాలుగో మెట్టు: ఒక భాగం తప్పినప్పుడు

ఇంగ్లీషులో మాట్లాడటం సరిపోలేదని అనిపించినా, అధికారి చదవడం, రాయడం, సివిక్స్ భాగాలను ఆ రోజే పూర్తి చేయాలి. దీన్ని వాడుకోవాలి. మొదటి పది నిమిషాలు బాగా జరగలేదని నిరాశపడి మిగతావి వదిలేయకూడదు, ఎందుకంటే ఆ రోజు నెగ్గిన ప్రతి భాగమూ నెగ్గినట్టే నిలిచి ఉంటుంది. రెండోసారి తప్పిన భాగంలో మాత్రమే పరీక్ష పెడతారు.

ఇంటర్వ్యూ చివర ఎన్-652 అనే ఫలితాల పత్రం చేతికిస్తారు. ఏ భాగం నెగ్గారో, ఏది తప్పారో, దరఖాస్తు ఏ స్థితిలో ఉందో అందులో ఉంటుంది. ఆఫీసు దాటకముందే దాన్ని ఒకసారి పూర్తిగా చదవాలి. తప్పింది సివిక్స్ అయితే, గుర్తున్నంతవరకు అడిగిన ప్రశ్నలన్నీ బయటకు రాగానే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మళ్లీ అవే ప్రశ్నలు వస్తాయని కాదు. రెండోసారి అధికారి వేరే ప్రశ్నల పట్టీని వాడాలని వారి నియమావళి చెబుతోంది. మరి రాయడం దేనికంటే, తప్పులు ఏ అంశంలో ఎక్కువగా దొర్లాయో, జవాబు తెలియక పోయిందా, తెలిసీ ఇంగ్లీషులో చెప్పలేకపోయారా, అసలు ప్రశ్నే అర్థం కాలేదా అన్నది తేల్చుకోవడానికి. ఈ మూడింటికీ చేయాల్సిన సాధన వేరువేరు.

రెండో పరీక్ష మొదటిది జరిగిన 60వ రోజుకు, 90వ రోజుకు మధ్య పెడతారు. దానికి కొత్త దరఖాస్తు అవసరం లేదు, అదనపు ఫీజు కూడా లేదు. తేదీని మళ్లీ ఆఫీసే నిర్ణయించి నోటీసు పంపుతుంది. ఎన్-400 దాఖలు తేదీ ప్రకారం మొదట ఏ పరీక్ష వర్తించిందో రెండోసారి కూడా అదే పరీక్ష.

ఇప్పుడు గైర్హాజరు విషయం. నోటీసు అందుకుని, ముందుగా ఏమీ తెలియజేయకుండా రెండో పరీక్షకు వెళ్లకపోతే, ఆ పరీక్ష తప్పినట్టే లెక్కిస్తారని నిబంధన స్పష్టంగా చెబుతోంది. మొదటిసారి ఉన్న 30 రోజుల సంజాయిషీ, ఏడాది లోపు తెరిపించుకోవడం వంటివి దీనికి వర్తించవు. తేదీ తప్పనిసరిగా మార్చుకోవాల్సి వస్తే ముందే కోరాలి. కోరుకునే తేదీ 90 రోజులు దాటితే, ఒక హక్కును రాతపూర్వకంగా వదులుకోవాలి. మామూలుగా మొదటి ఇంటర్వ్యూ నుంచి 120 రోజుల్లో దరఖాస్తు మీద నిర్ణయం రావాలి, రాకపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లే వీలు చట్టం కల్పించింది. తేదీ 90 రోజులు దాటించమని అడిగేవారు ఆ 120 రోజుల లెక్క రెండో ఇంటర్వ్యూ నుంచి మొదలయ్యేలా ఒప్పుకుంటూ రాసివ్వాలి.

లెక్కను ఒక ఉదాహరణతో చూద్దాం

63 ఏళ్ల ఒక తల్లిని ఊహించుకుందాం. 2020 మార్చిలో గ్రీన్ కార్డు వచ్చింది, 2025 నవంబర్ 10న ఎన్-400 దాఖలు చేశారు. గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లు కూడా కాలేదు కాబట్టి ఏ వయసు సడలింపూ లేదు. దాఖలు తేదీ అక్టోబర్ 20 తర్వాత కాబట్టి 128 ప్రశ్నల పరీక్షే వర్తిస్తుంది.

ఆమె ఇంటర్వ్యూ 2026 ఏప్రిల్ 14న జరిగిందనుకుందాం. మాట్లాడటం, చదవడం, రాయడం మూడూ నెగ్గారు. సివిక్స్‌లో పదిహేడో ప్రశ్న దగ్గర తొమ్మిదో తప్పు పడింది. అప్పటికి సరైనవి ఎనిమిది. మిగిలిన మూడు ప్రశ్నలు అడిగి అన్నీ సరిగ్గా చెప్పినా పదకొండే అవుతాయి, పన్నెండు కాదు. తొమ్మిది తప్పుల దగ్గర ఆపేయడానికి కారణం ఈ లెక్కే, అధికారి తొందరపాటు కాదు.

ఇంటికి వచ్చి రాసుకున్న ప్రశ్నలను చూస్తే, తొమ్మిది తప్పుల్లో అయిదు ప్రభుత్వ వ్యవస్థ మీద వచ్చిన 'ఎందుకు', 'ఏం చేస్తుంది' తరహా ప్రశ్నలు. రెండు ప్రశ్నల్లో అడిగినన్ని జవాబులు చెప్పలేదు. మిగిలిన రెండు మాత్రమే నిజంగా తెలియనివి. అంటే ఏడు ప్రశ్నల్లో చిక్కు విషయం తెలియకపోవడం కాదు, దాన్ని ఇంగ్లీషు మాటల్లో పెట్టడం. ఇటువంటివారు 128 ప్రశ్నలనూ మళ్లీ మొదటి నుంచి బట్టీ పట్టడం వృథా శ్రమ అవుతుంది. కారణం అడిగే ప్రశ్నలన్నిటినీ ఒక చోటికి తెచ్చి, యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన జవాబుల్లో అతి చిన్నదాన్ని ఎంచుకుని, ఇంట్లో ఒకరు వరుస మార్చి మార్చి ఇంగ్లీషులో అడుగుతుంటే పుస్తకం చూడకుండా పైకి చెప్పడమే ఆమె చేయాల్సిన పని. ఒకే మనిషి గొంతుకు అలవాటు పడకుండా ఇద్దరు ముగ్గురి చేత అడిగించుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే రెండోసారి గదిలో వేరే అధికారి ఉండవచ్చు. ఒకటికి మించి అడిగే ప్రశ్నలకు వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ చెప్పే అలవాటు చేసుకోవాలి.

ఇక తేదీల లెక్క. ఏప్రిల్ 14 నుంచి 60వ రోజు జూన్ 13, 90వ రోజు జూలై 13. ఈ నెల రోజుల్లో ఏదో ఒక పనిదినాన పిలుపు వస్తుంది. ఆ కుటుంబం ఎండాకాలంలో ఇండియా వెళ్లడానికి ముందే టికెట్లు కొని ఉంటే, ఫలితాల పత్రం చేతికి వచ్చిన రోజే వాటిని మార్చుకోవాలి. వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి వెళ్లి, అక్కడ ఉండగా ఇక్కడి తపాలా పెట్టెలో నోటీసు పడటం అన్నది ఊహకు అందని విషయమేమీ కాదు. ప్రయాణానికి ఏప్రిల్ చివర వెళ్లి మే నెలాఖరుకు తిరిగి వచ్చేలా చూసుకోవచ్చు, లేదా జూలై 13 దాటాక పెట్టుకోవచ్చు. జూన్ 13 నుంచి జూలై 13 వరకు మాత్రం ఊరిలోనే ఉండాలి. జూన్ మొదటి వారానికి కూడా నోటీసు రాకపోతే ఆన్‌లైన్ ఖాతా చూసుకుని, రికార్డులో చిరునామా సరిగ్గా ఉందో లేదో నిర్ధారించుకోవాలి. నిర్ణయం రావాల్సిన 120వ రోజు ఆగస్టు 12. ఆ తేదీని కూడా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి.

రెండోసారి వెళ్లేటప్పుడు కూడా నోటీసు, గ్రీన్ కార్డు, పాస్‌పోర్టులు, రాష్ట్ర గుర్తింపు కార్డు వెంట ఉండాలి. పరీక్ష సివిక్స్‌లో మాత్రమే అయినా, మొదటి ఇంటర్వ్యూ తర్వాత ప్రయాణాలు, చిరునామా, కుటుంబ స్థితి వంటివి ఏమైనా మారాయా అని అధికారి అడగవచ్చు.

అయిదో మెట్టు: రెండోసారి కూడా తప్పితే

రెండో పరీక్షలో కూడా నెగ్గకపోతే ఎన్-400ను తిరస్కరిస్తూ లిఖితపూర్వక నిర్ణయం వస్తుంది. గ్రీన్ కార్డుకు దీనివల్ల ముప్పేమీ లేదు. పరీక్ష తప్పడం అన్నది పౌరసత్వం ఇప్పుడు ఇవ్వకపోవడానికి కారణమే గానీ శాశ్వత నివాస హక్కును తీసేయడానికి కారణం కాదు. తిరస్కరణ పత్రంలో పరీక్ష మాత్రమే కారణంగా ఉందా, ఇంకేమైనా రాశారా అన్నది జాగ్రత్తగా చదవాలి. వేరే కారణం కూడా ఉంటే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలిసిన తర్వాతే ముందుకు వెళ్లాలి.

పరీక్ష ఒక్కటే కారణమైతే రెండు దారులు ఉంటాయి. మొదటిది ఎన్-336 పత్రం ద్వారా విచారణ కోరడం. తిరస్కరణ అందిన 30 రోజుల్లోగా, అది తపాలాలో వచ్చి ఉంటే పంపిన తేదీ నుంచి 33 రోజుల్లోగా దాఖలు చేయాలి. దాఖలైన 180 రోజుల్లోగా విచారణ పెట్టాలి, దాన్ని మొదటి అధికారి కాకుండా అదే స్థాయి లేదా పై స్థాయి అధికారి జరపాలి. తప్పిన భాగంలో అక్కడ మళ్లీ పరీక్ష పెడతారు, అయితే ఒకే ఒక్కసారి. 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఫీజుల పట్టిక ప్రకారం దీనికి కాగితం మీద అయితే 830 డాలర్లు, ఆన్‌లైన్‌లో అయితే 780 డాలర్లు.

రెండోది కొత్తగా ఎన్-400 దాఖలు చేయడం. దీనికి నిరీక్షణ కాలం ఏదీ లేదు, సిద్ధంగా ఉన్నామనుకున్న రోజే వేయవచ్చు. అదే పట్టిక ప్రకారం ఫీజు కాగితం మీద 760, ఆన్‌లైన్‌లో 710 డాలర్లు. ఆదాయం తక్కువగా ఉండి అర్హత ఉన్నవారికి 380 డాలర్ల తగ్గింపు ఫీజు ఉంటుంది. కొత్త దరఖాస్తు అంటే అన్ని భాగాలూ మళ్లీ మొదటి నుంచే. ఇంతకు ముందు నెగ్గిన చదవడం, రాయడం కూడా తిరిగి నెగ్గాలి. దానితోపాటు రెండు అవకాశాలూ మళ్లీ మొదటి నుంచి వస్తాయి.

ఏది మేలన్నది మనిషిని బట్టి ఉంటుంది. పరీక్ష జరిగిన తీరులోనే పొరపాటు ఉందని, ఉదాహరణకు వర్తించాల్సిన వయసు సడలింపును పట్టించుకోలేదని అనిపిస్తే ఎన్-336 సరైన దారి. కోర్టు దాకా వెళ్లాలన్నా ముందు ఆ విచారణ పూర్తి కావాల్సిందే. ఒకటి రెండు ప్రశ్నల తేడాతో తప్పినవారికి కూడా అది పనికొస్తుంది. పునాదే బలహీనంగా ఉన్నవారు, ముఖ్యంగా ఇంగ్లీషు మాట్లాడటంలో రెండుసార్లూ తప్పినవారు, ఒకే ఒక్క అవకాశం కోసం ఆ డబ్బు పెట్టడం కంటే కొన్ని నెలలు నేర్చుకుని కొత్త దరఖాస్తు పెట్టుకోవడమే నయమని నేను చెబుతాను. చాలా ఊళ్లలో ప్రభుత్వ గ్రంథాలయాలు, కమ్యూనిటీ కాలేజీలు పెద్దవారి కోసం పౌరసత్వ తరగతులు నడుపుతున్నాయి.

కొత్త దరఖాస్తుకు ముందు మరో రెండు సంగతులు చూసుకోవాలి. మొదటి దరఖాస్తు 2025 అక్టోబర్ 20కి ముందుదై, పది ప్రశ్నల పరీక్షకు హాజరైనవారు ఇప్పుడు కొత్తగా దాఖలు చేస్తే 128 ప్రశ్నల జాబితాకు మారిపోతారు. కాబట్టి పాత పుస్తకంతో సాధన కొనసాగించకూడదు. రెండోది వయసు లెక్క. 54వ ఏట తిరస్కరణ అందుకున్నవారికి గ్రీన్ కార్డు వచ్చి పదిహేనేళ్లు నిండబోతుంటే, 55వ పుట్టినరోజు దాకా ఆగి దాఖలు చేస్తే ఇంగ్లీషు పరీక్ష ఉండదు, సివిక్స్ జవాబులు తెలుగులో చెప్పవచ్చు. వయసును, గ్రీన్ కార్డు కాలాన్ని దాఖలు తేదీ నాటికే లెక్కిస్తారు గనుక ఒక్క రోజు ముందు వేసినా ఆ వెసులుబాటు దక్కదు.